డాలర్ తూకంరాయి

2022లో బంగారం ధర పెరిగిందా, తగ్గిందా? ఈ చిన్న ప్రశ్నకు ముగ్గురు మూడు జవాబులు చెబుతారు, ముగ్గురూ నిజమే చెబుతారు. ఆ ఏడాది మొదట్లో ఔన్సు బంగారం 1,829 డాలర్లు, ఏడాది ముగిసేసరికి 1,824 డాలర్లు. అంటే న్యూయార్క్‌లో కూర్చుని చూసినవారికి పెరగనూ లేదు, తగ్గనూ లేదు. జర్మనీలో యూరోలలో లెక్క వేసుకున్నవారికి సుమారు 6 శాతం పెరిగింది. మన దగ్గర డాలర్ 74 రూపాయల 30 పైసల నుంచి 82 రూపాయల 70 పైసలకు చేరింది కాబట్టి, సుంకం, జీఎస్టీ, మజూరీ ఏవీ కలపకుండానే పది గ్రాముల ధర దాదాపు 43,700 నుంచి 48,500 రూపాయలకు వెళ్లింది. అది 11 శాతం పెరుగుదల. బంగారం అదే. తూకంరాయి వేరు.

మార్కెట్ చార్టులు చూసేవాళ్లు డాలర్ ఇండెక్స్ అని ఒక గీతను పక్కన పెట్టుకుని చూడటానికి కారణం ఇదే. రాగి, ముడి చమురు, బంగారం, పత్తి, పామాయిల్ వంటి సరుకుల అంతర్జాతీయ ధరల్లో చాలావరకు డాలర్లలోనే పలుకుతాయి, లేదా డాలర్ ధరను చూసి కదులుతాయి. భారత్, బ్రెజిల్, కొరియా, తైవాన్ వంటి వర్ధమాన దేశాల షేర్లు కొనే విదేశీ ఫండ్లు తమ లాభనష్టాలను ఎక్కువగా డాలర్లలోనే లెక్క కడతాయి. తక్కెడలో రాయే బరువెక్కినప్పుడు రెండో పళ్లెంలోని బియ్యం తరిగినట్టు కనబడుతుంది. బియ్యం నిజంగా తరిగిందా, రాయి బరువెక్కిందా అన్నది విడదీసి చూడగలగాలి. డాలర్ ఇండెక్స్‌ను చార్టుకు వెనుక తెరలా వాడుకోవడమంటే ఈ విడదీయడమే.

అసలు ఈ ఇండెక్స్‌లో ఏముందో చూద్దాం. 1973 మార్చిని ఆధారంగా తీసుకుని, ఆనాటి విలువను 100 అనుకుని దీన్ని కడతారు. ఆరు కరెన్సీల మీద డాలర్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె ఇది. అందులో యూరో వాటా 57.6 శాతం. జపాన్ యెన్ 13.6, బ్రిటన్ పౌండ్ 11.9, కెనడా డాలర్ 9.1, స్వీడన్ క్రోనా 4.2, స్విట్జర్లాండ్ ఫ్రాంక్ 3.6 శాతం. 1999లో యూరో పుట్టినప్పుడు జర్మనీ మార్కు, ఫ్రాన్స్ ఫ్రాంక్ వంటి పాత కరెన్సీల బదులు అది వచ్చి చేరింది. ఆ ఒక్క మార్పు తప్ప బుట్ట అప్పటిదే. రూపాయి ఇందులో లేదు. చైనా యువాన్ లేదు, మెక్సికో పెసో లేదు, బ్రెజిల్ రియల్ లేదు. వర్ధమాన మార్కెట్ల వాతావరణం చెబుతుందని మనం నమ్ముకునే ఈ కొలతలో వర్ధమాన దేశపు కరెన్సీ ఒక్కటి కూడా లేదన్నమాట. ఈ సంగతి మనసులో లేకుండా చార్టు చదివితే ఎక్కడో ఒకచోట పొరబడక తప్పదు.

2022నే తీసుకుని నెమ్మదిగా చూద్దాం. ఇటీవలి కాలంలో డాలర్ ఇంత స్పష్టంగా కథ నడిపిన సంవత్సరం మరొకటి లేదు. జనవరిలో ఇండెక్స్ 96 దగ్గర ఉంది. సెప్టెంబరు 28న 114.78ని తాకింది. ఇరవై ఏళ్లలో అంత ఎత్తు చూడలేదు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మార్చిలో సున్నా దగ్గరున్న వడ్డీ రేటును డిసెంబరుకల్లా 4.25 నుంచి 4.50 శాతం మధ్యకు తెచ్చింది. జూన్ నుంచి నవంబరు దాకా జరిగిన నాలుగు సమావేశాల్లో ప్రతిసారీ ముప్పావు శాతం పెంచుతూ పోయింది. అమెరికా ప్రభుత్వ బాండ్లలోనే భద్రంగా నాలుగు శాతం వస్తుంటే డబ్బు అటే మళ్లుతుంది. ఇది అందరికీ తెలిసిన కారణం.

దీని వెనుక ఇంకో కారణముంది. ఆ తొమ్మిది నెలల్లో యూరో 1.137 డాలర్ల నుంచి 0.96 డాలర్లకు పడిపోయింది. యూరో వాటా ఎంతో తెలుసు కాబట్టి లెక్క వేసి చూడవచ్చు. మిగతా అయిదు కరెన్సీలు కదలకుండా ఉండిపోయి యూరో ఒక్కటే ఇంత పడి ఉంటే, 96 దగ్గరున్న ఇండెక్స్ దాదాపు 106కు చేరేది. అంటే వచ్చిన పెరుగుదలలో సగానికి పైగా యూరోదే. యూరో అంతగా ఎందుకు పడింది? ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా నుంచి గ్యాస్ తగ్గి, జర్మనీ, ఇటలీ ఫ్యాక్టరీలు చలికాలం ఎలా గడుస్తుందో తెలియక బెంబేలెత్తాయి. కనుక ఆ ఏడాది చార్టులో నిట్టనిలువుగా కనిపించిన గీతలో ఒక పాయ అమెరికా వడ్డీది, మరో పాయ ఐరోపా గ్యాస్‌ది. రెండో పాయకు భారత్‌తోగాని బ్రెజిల్‌తోగాని నేరుగా సంబంధం తక్కువ. ఇండెక్స్ పెరిగిన ప్రతిసారీ నేను మొదట వెతికేది ఇదే: డాలర్ అందరి మీదా పెరుగుతోందా, యూరో మీద మాత్రమేనా?

ఇక డాలర్ బలం సరుకుల ధరను ఎలా కిందికి లాగుతుందో రాగితో చూద్దాం. టన్ను రాగి 9,000 డాలర్లనుకోండి. యూరో 1.137 డాలర్లు ఉన్నప్పుడు జర్మనీలో తీగలు చేసే ఫ్యాక్టరీకి అది 7,916 యూరోలు. రాగి ధర డాలర్లలో ఒక్క సెంటు కదలకపోయినా, యూరో 0.96కు పడేసరికి అదే టన్ను 9,375 యూరోలవుతుంది. దాదాపు 18 శాతం భారం. ఫ్యాక్టరీ కొనుగోలు తగ్గిస్తుంది, ఉన్న నిల్వతో సరిపెట్టుకుంటుంది. అమ్మేవైపు కూడా ఇదే దిశలో కదలిక ఉంటుంది. చిలీలోని గని కూలీలకు జీతాలు పెసోలలో ఇస్తుంది, రాగిని డాలర్లలో అమ్ముతుంది. పెసో పడితే డాలర్లలో దాని ఖర్చు తగ్గుతుంది, కాస్త తక్కువకు అమ్మినా గిట్టుబాటవుతుంది. కొనేవాడు వెనక్కి తగ్గి, అమ్మేవాడు దిగివస్తే డాలర్ ధర పడక ఏమవుతుంది? 2022 మార్చిలో లండన్ మెటల్ ఎక్స్చేంజ్‌లో 10,800 డాలర్లు దాటి రికార్డు సృష్టించిన రాగి జులైకి 7,000 దగ్గరకు వచ్చింది. అందులో చైనా లాక్‌డౌన్ల పాలు, మాంద్యం భయం పాలు కూడా పెద్దవే. డాలర్ వాటి పక్కన తోడై నిలిచింది.

ముడి చమురు మాత్రం అదే ఏడాది మొదటి సగంలో ఈ సూత్రాన్ని పట్టించుకోలేదు. మార్చి 7న బ్రెంట్ ఒక దశలో పీపా 139 డాలర్లకు ఎగబాకింది. అప్పటికే డాలర్ ఇండెక్స్ 99 దాటి పైకి పోతోంది. రెండూ కలిసి పెరిగాయి. సరఫరా తెగిపోతుందన్న భయం ముందు మారకం విలువల లెక్క చిన్నదైపోయింది. దీని వెనుక ఇంకా లోతైన మార్పు ఒకటి ఉంది. ఒకప్పుడు అమెరికా చమురును భారీగా దిగుమతి చేసుకునేది, అందుకే చమురు మండితే డాలర్‌కు దెబ్బ తగిలేది. షేల్ చమురు వచ్చాక 2020 నాటికి ఆ దేశం పెట్రోలియం ఉత్పత్తుల్లో నికర ఎగుమతిదారుగా మారింది. ఇప్పుడు చమురు మండితే ఎక్కువ దెబ్బ తినేది కొనుక్కునే ఐరోపా, జపాన్. ఇండెక్స్ బుట్టలో అత్యధిక భాగం నిండేది ఆ కరెన్సీలతోనే కాబట్టి అవి పడితే ఇండెక్స్ పెరుగుతుంది. పాత పుస్తకాలు చదివి డాలర్, చమురు ఎప్పుడూ ఎదురెదురుగానే నడుస్తాయనుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు.

మనలాంటి దేశానికి ఇది రెండు వైపుల నుంచి పడే దెబ్బ. 2008 జులైలో బ్రెంట్ చమురు 147 డాలర్లు తాకినప్పుడు డాలర్ 43 రూపాయలు. పీపా మనకు 6,300 రూపాయలు పడింది. 2022 జూన్‌లో చమురు 122 డాలర్లే, కానీ డాలర్ 78 రూపాయలు. పీపా 9,500 రూపాయలు దాటింది. డాలర్ చార్టు చూస్తే 2008 శిఖరమే ఎత్తు. రూపాయి చార్టు చూస్తే 2022 శిఖరం దానికంటే సగం ఎక్కువ ఎత్తు. పెట్రోలు బంకు దగ్గర పనికొచ్చేది రెండో చార్టే.

ఇప్పుడు షేర్ల సంగతి. నిఫ్టీ 2021 చివర 17,354 దగ్గర ముగిసింది, 2022 చివర 18,105 దగ్గర. 4 శాతం పైచిలుకు లాభం. ప్రపంచమంతా మునిగిన ఏడాది మన మార్కెట్ నిలబడిందని అందరం సంతోషించాం, అందులో తప్పు లేదు. బోస్టన్‌లోని ఫండ్ మేనేజర్ ఈ అంకెలను రూపాయి విలువతో భాగించి చూస్తాడు. 17,354ను 74.3తో భాగిస్తే 233.6 వస్తుంది. 18,105ను 82.7తో భాగిస్తే 218.9. అతనికి 6 శాతం నష్టం. మనకు లాభమైన సూచీ అతనికి నష్టమైంది. ఆ ఏడాది విదేశీ మదుపరులు మన షేర్లను నికరంగా 1.2 లక్షల కోట్ల రూపాయలకు పైగా అమ్ముకుని వెళ్లారంటే ఆశ్చర్యం ఎందుకు?

ఈ అమ్మకానికి తనను తాను పెంచుకునే గుణముంది. విదేశీ ఫండు షేర్లు అమ్మి, వచ్చిన రూపాయలను డాలర్లుగా మార్చుకుంటుంది. దాంతో రూపాయి ఇంకాస్త పడుతుంది. మిగిలి ఉన్న ఫండ్లకు నష్టం పెరిగి, వాటిలో కొన్ని బయటపడతాయి. డాలర్లలో అప్పులు చేసి, ఆదాయం సొంత కరెన్సీలో వచ్చే కంపెనీలకు అదే సమయంలో అప్పు బరువు పెరుగుతుంది. ప్రభుత్వాలకూ ఇంతే. విదేశీ మారకం నిండుకున్న శ్రీలంక 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆ పతనానికి సొంత విధానాల తప్పులు చాలా ఉన్నాయి, కానీ డాలర్ ప్రియమవుతున్న కాలంలో ఆ తప్పులకు క్షమ దొరకలేదు.

మన దగ్గర ఆ చక్రం ఆగిందంటే ఇంటి మదుపరుల వల్ల. నెలనెలా సిప్‌ల ద్వారా మ్యూచువల్ ఫండ్లలోకి వచ్చే సొమ్ము 2022 అక్టోబరులో 13,000 కోట్ల రూపాయలు దాటింది. జీతంలోంచి నెలకు రెండు వేలో అయిదు వేలో పక్కన పెట్టిన లక్షల కుటుంబాలు, విదేశీయులు అమ్మిన షేర్లను తెలియకుండానే కొనుక్కున్నాయి. డాలర్ ఇండెక్స్‌కు, నిఫ్టీకి మధ్య పాత బంధం ఈమధ్య సడలిందంటే ముఖ్య కారణం ఇదేనని నా అభిప్రాయం. సూచీని వాళ్లు ఆపగలిగారు. రూపాయిని ఆపడం వాళ్ల చేతిలో లేదు. బంధం సడలింది సూచీలో, రూపాయిలో కాదు.

వర్ధమాన మార్కెట్లన్నిటినీ కలిపి కొలిచే ఎంఎస్‌సీఐ సూచీ విషయంలోనూ ఒక జాగ్రత్త కావాలి. వార్తల్లో కనిపించే దాని అంకె డాలర్లలో లెక్కించినది. 2022లో డివిడెండ్లు కలుపుకుని అది సుమారు 20 శాతం పడింది. ఆయా దేశాల కరెన్సీలలోనే లెక్కిస్తే పతనం సుమారు 15 శాతం. మిగిలిన అయిదు శాతం షేర్లలో జరిగినది కాదు, రాయి బరువు. కాబట్టి డాలర్ ఇండెక్స్‌ను, ఆ సూచీని ఒకదాని పక్కన ఒకటి పెట్టి, చూశారా ఎంత చక్కగా ఎదురెదురుగా నడుస్తున్నాయో అంటే, అందులో కొంత భాగం కొలత తనను తాను చూసుకోవడమే.

మన రిజర్వ్ బ్యాంకు ఖజానా కూడా ఈ రాయితోనే తూగుతుంది. 2022 ఏప్రిల్ మొదట్లో 607 బిలియన్ డాలర్ల దగ్గరున్న విదేశీ మారక నిల్వలు సెప్టెంబరు ఆఖరికి 537 బిలియన్లకు తగ్గినప్పుడు, రూపాయిని కాపాడటానికి అంతా అమ్మేశారన్న ఆందోళన రేగింది. ఆ తగ్గుదలలో 67 శాతం కేవలం విలువ కట్టడంలో వచ్చిన తేడా అని అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ వివరించారు. నిల్వల్లో యూరోలు, పౌండ్లు, బాండ్లు కూడా ఉంటాయి. వాటిని డాలర్లలో చెప్పాలి కాబట్టి, డాలర్ పెరిగినా బాండ్ల ధరలు పడినా ఖజానా చిన్నదిగా కనబడుతుంది.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి డాలర్ ఇండెక్స్ పడితే వర్ధమాన మార్కెట్లకు పండగేనని ఎవరికైనా అనిపిస్తుంది. 2002 నుంచి 2008 దాకా నిజంగానే అలా జరిగింది. ఇండెక్స్ 120 నుంచి 71కి జారితే, అదే కాలంలో సెన్సెక్స్ 3,300 ప్రాంతం నుంచి 21,000 దాటింది, ముడి చమురు 20 డాలర్ల నుంచి 147కు పోయింది. కానీ అక్కడ మూడో మనిషి ఒకడున్నాడు. 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన చైనా, ఇనుమూ రాగీ చమురూ ఎంత దొరికితే అంత కొంటూ వచ్చింది. డాలర్ పతనమూ సరుకుల ధరల పెరుగుదలా చాలావరకు ఆ ఒక్క చెట్టుకు కాసిన కాయలే.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 2025. ఏడాది మొదట్లో 108 పైన ఉన్న ఇండెక్స్ జులై 1కల్లా 97 కిందికి వచ్చింది. ఇండెక్స్ పుట్టిన 1973 తర్వాత అంత పేలవమైన మొదటి అర్ధసంవత్సరం లేదు. ఎంఎస్‌సీఐ వర్ధమాన మార్కెట్ల సూచీ ఏడాదిలో 30 శాతానికి పైగా పెరిగింది. కొరియా, తైవాన్ మార్కెట్లు పరుగెత్తాయి. మన రూపాయి మాత్రం 85.6 నుంచి డిసెంబరులో 90 దాటింది. ఆగస్టు 27 నుంచి మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతం అయింది, విదేశీ మదుపరులు మన షేర్లు ఖరీదెక్కువని అమ్ముతూ పోయారు. నిఫ్టీ రూపాయల్లో 10 శాతం పెరిగింది, డాలర్లలో 5 శాతమే.

పిల్లల్ని పై చదువులకు పంపిన ఇళ్లలో ఇది బాగా అర్థమయ్యే విషయం. డాలర్ బలహీనపడిందని పేపర్లో చదివి బ్యాంకుకు వెళ్తే అక్కడ డాలర్‌కు నిరుటికంటే నాలుగు రూపాయలు ఎక్కువ అడిగారు. జర్మనీకి పంపినవారికి ఇంకా కష్టం. అక్కడి వీసాకు విద్యార్థి పేర బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపాలి. 2024 చివర యూరో రేటుకు అది దాదాపు 10.5 లక్షల రూపాయలు. 2025 చివరికి 12.5 లక్షలు. డాలర్ యూరో మీద పడింది, రూపాయి డాలర్ మీద పడింది. రెండు మెట్లు దిగిన భారమంతా ఆ ఇంటి మీద పడింది. ఇండెక్స్‌లో రూపాయి లేదనే మాటకు ఇంతకంటే స్పష్టమైన అర్థం నాకు తోచదు.

2013లోనూ ఇలాగే జరిగింది. మే 22న ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్ బెన్ బెర్నాంకే బాండ్ల కొనుగోళ్లు తగ్గించవచ్చని అనగానే వర్ధమాన దేశాల నుంచి డబ్బు వెనుదిరిగింది. 55 దగ్గరున్న రూపాయి ఆగస్టు 28న 68.8కి పడింది. ఆ మూడు నెలల్లో డాలర్ ఇండెక్స్ 84 నుంచి 81కి తగ్గింది. తుపాను మన మీద ఉంటే, వాతావరణ సూచీ మాత్రం ఐరోపా ఆకాశం నిర్మలంగా ఉందని చెప్పింది.

అందుకే ఇండెక్స్‌తోపాటు ఫెడరల్ రిజర్వ్ విడుదల చేసే విస్తృత డాలర్ సూచీని కూడా చూడమంటాను. అమెరికాతో వ్యాపారం చేసే 26 కరెన్సీలు అందులో ఉంటాయి, రూపాయి, యువాన్, పెసో అన్నీ. రెండూ ఒకే దిశలో పోతుంటే డాలర్ అందరి మీదా బలపడుతోందని అర్థం. ఇండెక్స్ ఒక్కటే ఎగురుతుంటే అది యూరో కథ కావచ్చు. ఎఫ్‌ఆర్‌ఈడీ వెబ్‌సైటులోనూ, ట్రేడింగ్‌వ్యూలోనూ వెతకాల్సిన పేర్లు ఇవి:

```
DTWEXBGS
TVC:DXY
NSE:NIFTY/FX_IDC:USDINR
```

మొదటిది విస్తృత సూచీ, రెండోది మామూలు డాలర్ ఇండెక్స్, మూడోది నిఫ్టీని డాలర్ రేటుతో భాగించిన గీత. మూడో గీతను మామూలు నిఫ్టీ కింద పెట్టి చూడండి. రూపాయి నిఫ్టీ కొత్త శిఖరం ఎక్కి, డాలర్ నిఫ్టీ ఎక్కలేకపోతే, ఆ పెరుగుదలను విదేశీ మదుపరి మనంత సంతోషంగా చూడటం లేదని గ్రహించవచ్చు.

చార్టు మీద చార్టు వేసేటప్పుడు జరిగే పొరపాట్లు రెండున్నాయి. మొదటిది కొలతల సాగదీత. డాలర్ ఇండెక్స్‌ను తలకిందులు చేసి, ఎడమ కొలత ఇంత, కుడి కొలత అంత అని లాగితే ఏ రెండు గీతలనైనా కవలల్లా చూపించవచ్చు. అలాంటి బొమ్మ కనిపిస్తే, వారంవారం వచ్చిన శాతం మార్పులను పక్కపక్కన రాసి చూడాలి. ధరల స్థాయిల్లో కనిపించిన పోలిక మార్పుల్లో కనబడకపోతే ఆ బంధాన్ని నమ్మకూడదు. రెండోది గడియారం. మన మార్కెట్ మధ్యాహ్నం 3:30కి మూతపడుతుంది, అమెరికా మార్కెట్ ఆ తర్వాత తెరుచుకుంటుంది. రాత్రి డాలర్‌లో వచ్చిన కదలిక నిఫ్టీలో మర్నాడు పొద్దున కనబడుతుంది. ఒకే తేదీ అంకెలను పోలిస్తే నిన్నటి కారణానికి వచ్చిన ఫలితాన్ని రేపటి ఫలితానికి కారణమయ్యే కదలికతో కలపడమే అవుతుంది. వారం చివరి ముగింపులు తీసుకుంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

బంగారం దగ్గర మొదలుపెట్టాం కాబట్టి దానితోనే ఆపుతాను. 2024లో డాలర్ ఇండెక్స్ 101 నుంచి 108 దాటింది. పాత సూత్రం ప్రకారం బంగారం పడాలి. అది 2,063 డాలర్ల నుంచి 2,624కి పెరిగింది. 2022లో రష్యా కేంద్ర బ్యాంకుకు చెందిన దాదాపు 300 బిలియన్ డాలర్ల నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాక, 2022, 2023, 2024 మూడేళ్లూ కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. ఈ కొనుగోలుదారు డాలర్ ఇవాళ చవకా ప్రియమా అని చూసి బేరమాడే రకం కాదు. డాలర్‌తోపాటు పెరిగే బంగారం ఎప్పుడైనా కనబడితే, ధరను యూరోలలోకీ యెన్లలోకీ మార్చి చూడండి. అన్ని కరెన్సీలలోనూ పెరుగుతుంటే బరువెక్కింది రాయి కాదు, బంగారమే.